‘వ్యక్తిగత ప్రణాళిక’ కొనబోతున్న గ్రూప్-2 మెయిన్స్ అభ్యర్థులకు జాగ్రత్త హెచ్చరిక

నిన్న జరిగినది ఇంకా మింగుడు పడకముందే ఇది రాస్తున్నాను కాబట్టి మాట కాస్త కరుకుగా ఉంటే మన్నించండి. టెలిగ్రామ్‌లో ‘మెంటార్’ అనే పేరుతో 3,499 రూపాయలకు ‘మీ కోసమే ప్రత్యేకంగా తయారుచేసిన వ్యక్తిగత ప్రణాళిక’ అమ్ముతున్న వ్యక్తి గురించి మన గ్రూపుల్లో ఉన్నవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. రోజుకు రెండుసార్లు ఆయన ప్రకటన అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. ఆ డబ్బు కట్టినవారిలో నేనూ ఒకరిని.

నేను గుంటూరు జిల్లాలో గ్రామ సచివాలయ ఉద్యోగిని. ఏపీపీఎస్సీ గ్రూప్-2 ప్రిలిమ్స్ దాటాను. 2025 జనవరి 5న జరగవలసిన మెయిన్స్‌ను కమిషన్ ఫిబ్రవరి 23కు మార్చడంతో ప్రాణం లేచివచ్చినట్లయింది. ఆ ఉత్సాహంలో యూపీఐ ద్వారా డబ్బు పంపి, దానితోపాటు ఒకే ఒక్క వాక్యం రాశాను: ‘సర్, గ్రూప్-2కి మంచి ప్లాన్ కావాలి, అర్జెంట్.’ ఏ రాష్ట్రమో రాయలేదు. ప్రిలిమ్స్ అయిపోయిందనీ, మిగిలింది మెయిన్స్ మాత్రమేననీ రాయలేదు. పరీక్ష తేదీ, చదవడానికి నాకు దొరికే గంటలు, తడబడే పాఠాలు, ఏవీ రాయలేదు. కూరగాయల బండివాడి దగ్గర కూడా వంకాయలు ఏ కూరకో చెప్పి మరీ ఏరించుకునే మనిషిని, ఏడాది భవిష్యత్తును మాత్రం ఆరు మాటల్లో ముగించాను.

అయితే ఆయన కూడా ఒక్క ప్రశ్న అడగలేదు. డబ్బు అందిన పావుగంటలో ఫైలు వచ్చింది. మొదటి పేజీలో నా పేరు ఉంది, కానీ మిగతా అక్షరాలన్నీ ఒక రకంగా, నా పేరు మరో రకంగా ఉంది. పాత పెళ్లిపత్రిక మీద పేరు దిద్ది మళ్లీ పంచినట్లు. దాని కింద పెద్ద అక్షరాలతో ‘120 రోజుల విజయ ప్రణాళిక, రోజుకు 10 గంటలు’ అని ఉంది. అప్పుడే క్యాలెండరు తీసి లెక్కపెట్టి ఉంటే ఈ పోస్టు రాసే అవసరమే వచ్చేది కాదు. 2024 నవంబరు 17, ఆదివారం మొదలుపెట్టాను. అక్కడి నుంచి పరీక్షకు సరిగ్గా 98 రోజులు. 120వ రోజు మార్చి 16న వస్తుంది. అంటే పరీక్ష రాసి వచ్చిన మూడు వారాల తరువాత కూడా నేను ఆ పరీక్షకే చదువుతూ ఉండాలన్నమాట.

మోసం వెంటనే ఎందుకు బయటపడలేదో కూడా చెప్పాలి, ఎందుకంటే మీకూ ఇలాగే జరగవచ్చు. మొదటి మూడు రోజులు భారత రాజ్యాంగం, తరువాతి రెండు రోజులు భారత ఆర్థిక వ్యవస్థ. ఇవి మన మెయిన్స్‌లోనూ ఉన్నాయి కాబట్టి నిశ్చింతగా చదువుకుపోయాను. ఆరో రోజు 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందం వచ్చింది. అది కూడా మన ఆంధ్రప్రదేశ్ చరిత్ర సిలబస్‌లో ఉన్నదే. ఏడో రోజు ముల్కీ నిబంధనలు, 1969 ఉద్యమం. ఆ పేజీ పైన ‘పేపర్-4, 150 మార్కులు’ అని చూసినప్పుడు గానీ నాకు మెలకువ రాలేదు. మన మెయిన్స్‌లో ఉన్నవి రెండే పేపర్లు: ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్ర 75 మార్కులు, రాజ్యాంగం 75 మార్కులు కలిపి ఒకటి, భారత, ఆంధ్రప్రదేశ్ ఆర్థిక వ్యవస్థ 75, శాస్త్ర సాంకేతిక విషయాలు 75 కలిపి రెండోది. నాలుగు పేపర్లు, చివరిది తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ అనేది తెలంగాణ గ్రూప్-2 పద్ధతి. ఆ పరీక్ష 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో ఉంది. డిసెంబరు 15 నుంచి 120 రోజులు వెనక్కి లెక్కపెడితే ఆగస్టు 17 వస్తుంది. ఆగస్టులో అక్కడివారి కోసం తయారుచేసిన ఫైలునే నవంబరులో నా పేరు అంటించి పంపారని నా అనుమానం. అక్కడ చదివేవారికి అది చక్కగా ఉపయోగపడి ఉండవచ్చు, దానితో నాకు తగవు లేదు.

పోయింది వారం రోజులే కదా అని సరిపెట్టుకునేదాన్ని. కానీ ఆ ఫైలులో ప్రతి పేజీ అడుగున ఒక సూచన ఉంది: ‘ఒక్క ప్రశ్న కూడా వదలవద్దు, తెలియకపోయినా ఏదో ఒకటి గుర్తించండి.’ తెలంగాణ గ్రూప్-2లో తప్పు సమాధానానికి మార్కులు కోయరు కాబట్టి అక్కడ అది సరైన సలహానే. మనకు ఒక్కో తప్పుకు మూడో వంతు మార్కు పోతుంది. శుక్రవారం రాత్రి నేను ఆ సూచనను భక్తిగా పాటిస్తూ శాస్త్ర సాంకేతిక భాగం మాదిరి ప్రశ్నపత్రం రాశాను. మొత్తం 75 ప్రశ్నలూ గుర్తించాను. 37 ఒప్పు, 38 తప్పు. కోత పోగా 24.33 మార్కులు. అదృష్టవశాత్తు, కళ్లు మూసుకుని గుర్తించిన వాటి పక్కన చుక్క పెట్టే అలవాటు నాకు ఉంది. చుక్కలు 30 ఉన్నాయి. వాటిలో ఒప్పు 6, తప్పు 24. అంటే ఆరు మార్కులు వచ్చి ఎనిమిది పోయాయి. ఆ ముప్పై వదిలేసి ఉంటే 26.33 వచ్చేది. నాలుగు ఐచ్ఛికాల్లో గుడ్డిగా గుర్తిస్తే సగటున లాభమూ నష్టమూ సున్నాయే; కనీసం ఒక ఐచ్ఛికాన్ని కచ్చితంగా కొట్టివేయగలిగినప్పుడే సాహసం కలిసివస్తుంది. రెండు మార్కులే అనకండి, ఈ పరీక్షలో రెండు మార్కులు ఎంతమందిని వెనక్కి నెడతాయో రాసినవారికి తెలుసు.

ఇక నిన్నటి సంగతి. సచివాలయంలో భోజన విరామంలో ఆయనకు ఫోన్ చేశాను. ‘సర్, ఇది తెలంగాణ సిలబస్. నాది ఆంధ్రప్రదేశ్, మెయిన్స్’ అన్నాను. క్షణం ఆగి, తడుముకోకుండా, ‘మీరు గ్రూప్-2 అన్నారు, గ్రూప్-2 ఇచ్చాం. ఏ రాష్ట్రమో నాకు కల్లో కనిపిస్తుందా మేడమ్?’ అన్నారు. నిజమే, నేను చెప్పలేదు. ఆ మాట దగ్గర నా నోరు పడిపోయింది. తేరుకుని, ‘వ్యక్తిగత ప్రణాళిక అన్నారు కదా, మీరైనా అడగవలసింది. నాకు రోజుకు మూడు గంటలకు మించి కుదరదు, పది గంటలు ఎలా చదవాలి?’ అని అడిగాను. దానికి వచ్చిన జవాబు అక్షరం పొల్లుపోకుండా ఇక్కడ పెడుతున్నాను: ‘పది గంటలు కూర్చోలేనివాళ్లకు గ్రూప్-2 ఎందుకమ్మా, గ్రూప్-4 రాసుకోండి.’ మేడమ్ కాస్తా అమ్మా అయింది, ఫోన్ కట్ అయింది. నేను డబ్బాలో అన్నం కలుపుకోవడానికి చేయి కడుక్కునేలోపు వారి గ్రూపు నుంచి నన్ను తొలగించినట్లు తెర మీద సమాచారం కనిపించింది. పక్కనే కూర్చున్న మా వీఆర్వో గారు ‘ఏమైందమ్మా’ అని అడిగితే తల అడ్డంగా ఊపాను. 3,499 రూపాయలు పెట్టి నా తెలివి ఎంతో కొలిపించుకున్నానని ఆయనకు ఎలా చెప్పను?

రాత్రి నిద్ర పట్టక, ఆయన అడగని ప్రశ్నలన్నీ నేనే నన్ను అడిగి కాగితం మీద పెట్టాను. ఈ రోజు నుంచి పరీక్షకు 13 వారాలు. పనిదినాల్లో మూడేసి గంటలు, ఆదివారం ఎనిమిది, అంటే వారానికి 26 గంటలు. చివరి రెండు వారాలు పునశ్చరణకు పక్కన పెడితే మిగిలేది 286 గంటలు. పది గంటల ప్రణాళికలో ఇది 29 రోజులకు కూడా చాలదు. అంటే 120 రోజుల పట్టికలో నేను దాదాపు నాలుగో వంతు మాత్రమే చదవగలను, ఏ నాలుగో వంతో మాత్రం ఆ పట్టిక చెప్పదు.

దానికి జవాబు శుక్రవారం నాటి జవాబుపత్రంలోనే దొరికింది. నాకు సైన్స్ రాదని ఇన్నాళ్లూ అందరితో అంటూ వచ్చాను. తప్పు పోయిన 38 ప్రశ్నలను సిలబస్‌లోని ఐదు యూనిట్ల ప్రకారం విడదీసి చూస్తే, 14 ఇంధన నిర్వహణ యూనిట్‌లోవి, 12 వ్యర్థాల నిర్వహణ, కాలుష్య నియంత్రణ యూనిట్‌లోవి. మిగతా మూడు యూనిట్లూ కలిపి పన్నెండే. నేనేమో సైన్స్ అనగానే ఇస్రో ప్రయోగాల పేర్లు, తేదీలు బట్టీ పడుతూ కూర్చున్నాను. అవి నాకు ముందునుంచీ వచ్చినవే. ఇప్పుడు సైన్స్‌కు 80 గంటలు పెట్టి, అందులో 55 ఆ రెండు యూనిట్లకే కేటాయించుకున్నాను. మాదిరి పరీక్షల్లో తరువాత ఎక్కువ వెనకబడింది ఆర్థిక వ్యవస్థలో, దానికి 96. చరిత్రకు 60, కాస్త పట్టున్న రాజ్యాంగానికి 50. ఇది గొప్ప ప్రణాళిక అని చెప్పను, రెండు వారాల తరువాత మార్చవలసి రావచ్చు కూడా. కానీ దీన్ని మరొకరి పేరు మీద ఎవరూ అమ్మలేరు.

సలహా అంటారా, ఎవరికైనా డబ్బు పంపేముందు ఏ రాష్ట్రం, ఏ దశ, పరీక్షకు మిగిలిన రోజులు, వారానికి మీకు నిజంగా దొరికే గంటలు, ఈమధ్య రాసిన ఒక మాదిరి పరీక్షలో యూనిట్ల వారీగా పోయిన మార్కులు రాసి పంపండి. అవి చూసి తిరిగి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా ‘ముందు పేమెంట్ చేయండి’ అంటే అక్కడే ఆగిపోండి. ఫైలు అందితే మొదటి పేజీ కాదు, చివరి రోజు తేదీ చూడండి.

డబ్బు తిరిగి ఇమ్మని రాతపూర్వకంగా సందేశం పంపాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. చెల్లింపు రసీదు, ఆ ఫైలు మొదటి పేజీ, ఏడో రోజు పేజీ దాచి ఉంచాను. ఇదే ఫైలు వేరే పేరుతో మీలో ఎవరికైనా వచ్చి ఉంటే కింద చెప్పండి, ఏడో రోజు పేజీ పోల్చి చూద్దాం.