గేమింగ్ బడ్జెట్: ఏ నెలది ఆ నెలా, పోగేయడమా?

మాదాపూర్‌లో ఉద్యోగం, గేమ్స్‌కి నెలకు 2,000 అనుకుందాం. సబ్‌స్క్రిప్షన్‌కి 500, గేమ్ లోపలి కొనుగోళ్లకు 300. మిగతా 1,200 సంగతే అసలు ప్రశ్న.

ఖర్చు: ఏ నెలది ఆ నెలే అయితే లెక్క తేలిక. కానీ నెలాఖర్లో మిగిలింది స్కిన్లకే పోతుంది, నా అనుభవం అదే. పోగేస్తే ఐదు నెలల్లో 6,000. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో 5,500కి కంట్రోలర్ కొన్నా 500 మిగులు. లేదా స్టీమ్ సమ్మర్ సేల్ దాకా ఆగొచ్చు.

శ్రమ: మొదటిదానికి ఏమీ లేదు. రెండోదానికి వేరే బ్యాంకు ఖాతా, జీతం పడ్డ రోజే బదిలీ.

రిస్క్: పోగేసేది స్టీమ్ వాలెట్‌లో మాత్రం వద్దు. అందులో వేసిన డబ్బు మళ్లీ బ్యాంకుకు తీసుకోలేం, దాంతో సీటీసీలో హెడ్‌సెట్టూ రాదు. ఇక ఆటోపే ఏ ఖాతాకున్నా, డబ్బు కట్ అయ్యే ముందురోజు వచ్చే మెసేజ్ చదవండి. ఆడని సబ్‌స్క్రిప్షన్ దొరికేది అక్కడే.

ఫోన్‌లో ఒకే గేమ్ ఆడేవాళ్లకు మొదటిది చాలు. పీసీ, కన్సోల్ వాళ్లకు రెండోదే. చేతిలో డబ్బుంటే ఆగలేనివాళ్లు మాత్రం ఆ 300ని గిఫ్ట్ కార్డుగా కొని, కార్డు వివరాలు గేమ్‌లోంచి తీసేయాలి.