బైనాక్యులరా, టెలిస్కోపా?

ఒంగోలులో ఉండే నా స్నేహితుడు బైకు మీద కొత్తపట్నం తీరానికి వెళ్లి నక్షత్రాలు చూస్తాడు. అతనికి కానుకగా పది రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల ముందు కటకాలున్న 10×50 బైనాక్యులర్ కొనాలా, 130 మిల్లీమీటర్ల అద్దమున్న టెలిస్కోపా?

బైనాక్యులర్ మెడలో వేసుకుని వెళ్లవచ్చు. మోచేతులు బండి సీటుకు ఆనించి చూస్తే గురుగ్రహం పక్కన నాలుగు ఉపగ్రహాలు చుక్కల్లా కనిపిస్తాయి. కృత్తికలైతే ఒక్క చూపులో మొత్తం ఇమిడిపోతాయి, ఎంత అందమో! శని వలయాలు మాత్రం పది రెట్లకు విడిగా తెలియవు. వాటికి టెలిస్కోపే కావాలి. దాన్ని మోయాలి, ఉప్పుగాలి నుంచి కాపాడాలి. ఫోకస్ తప్పించి చూస్తే నక్షత్రం వలయంలా కనిపిస్తుంది; దాని మధ్యలో ఉండాల్సిన నల్లచుక్క పక్కకు జరిగితే టెలిస్కోపు అద్దాలు మళ్లీ సరిచేయాలి.

పెట్టె మీద 525 రెట్లని రాసిన 70 మిల్లీమీటర్ల చవక టెలిస్కోపు వద్దే వద్దు. 140 రెట్లు దాటితే దానిలో బొమ్మ మసకబారుతుంది.

నేను బైనాక్యులరే కొన్నాను.