నల్లబడిన అద్దం అంచు, తెల్లమచ్చలు: లాసన్స్ బే ఇంట్లో ఆరేళ్ల వాడకం

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, సముద్రపు గాలి నేరుగా తగిలే మా ఇంటి స్నానాలగదిలో 2019 వేసవిలో ఒక అద్దం బిగించాము. ఇరవై నాలుగు అంగుళాల ఎత్తు, పద్దెనిమిది అంగుళాల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందం గల మామూలు అద్దమది. అదే దుకాణంలో అదే రోజు కొన్న మరో అద్దం పడకగది బీరువాకు ఉంది. దాని అంచు ఈనాటికీ మచ్చ లేకుండా ఉండగా, స్నానాలగది అద్దం మాత్రం రెండో వానాకాలానికే కింది అంచున నల్లని గీత పట్టింది. ఈ ఆరేళ్లలో ఆ గీతపై నేను ప్రయోగించినవాటిలో ఏది పనిచేసిందో, ఏది అద్దాన్ని మరింత పాడుచేసిందో ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదట నేను దానిని మురికి అనుకుని వెనిగరుతోను, పళ్లపొడితోను, చివరకు నీలిరంగు గాజు క్లీనరుతోను వారాల తరబడి తోమాను. గీత తగ్గలేదు సరికదా, కాస్త పైకి జరిగింది. అద్దాల దుకాణం మేస్త్రి వచ్చి చూసి, "ఇది తుడిస్తే పోయే మరక కాదండి, లోపల రసం పోయింది" అన్నారు. పాదరసం వాడే పద్ధతి ఎప్పుడో పోయినా మన ఊళ్లలో ఆ మాట మాత్రం నిలిచింది. ఇప్పటి అద్దాల్లో గాజు వెనక వెంట్రుకకంటే ఎన్నో రెట్లు పలుచని వెండిపొర, దానిని కాపాడే రంగుపూత ఉంటాయి. గాజు కోసిన అంచు దగ్గర మాత్రం వెండికి ఏ రక్షణా ఉండదు. అక్కడినుంచి తేమ, ఉప్పు, క్లీనరు చొరబడి వెండిని తినివేస్తాయి. మనకు కనిపించే నలుపు వెండి చెడిపోయిన చోటు. అది గాజుకు అవతల ఉంది కనుక ఇవతలినుంచి ఎంత రుద్దినా చేతికి అందదు.

కారణం సముద్రపు గాలి ఒక్కటే అనుకోవడం పొరపాటని తరువాత తెలిసింది. మా ఇంట్లో వారానికోసారి బండల మీద యాసిడ్ పోసి కడిగి తలుపు మూసి వదిలేసేవారు. ఆ ఆవిరి అద్దం వెనక సందులోకి చేరుతుంది. బ్లీచింగ్ పొడి వాసన కూడా అంతే. దీనికి తోడు నేను క్లీనరును నేరుగా అద్దం మీద చల్లేవాడిని. అది జారి కింది అంచుకు చేరి, గాజుకూ గోడకూ మధ్య సన్నని సందులో తనంతట తానే పైకి పాకేది. నలుపు కిందినుంచే ఎందుకు మొదలయిందో అప్పుడు అర్థమయింది.

నా పెద్ద తప్పు ఆ తరువాత జరిగింది. నీరు చేరకుండా ఉంటుందని హార్డ్‌వేర్ దుకాణంలో దొరికిన సిలికాన్ ట్యూబు తెచ్చి నాలుగు అంచులా పూసేశాను. పూస్తున్నప్పుడు పుల్లగా వెనిగరు వాసన వచ్చింది. ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లాన్ని వదిలే రకం అది, వెండికి విషం వంటిది. పైగా అప్పటికే వెనక చేరిన తేమకు బయటపడే దారి మూసేశాను. ఆరు మిల్లీమీటర్లు ఉన్న నల్లగీత ఏడాది తిరిగేసరికి పద్నాలుగు మిల్లీమీటర్లయింది. గీత సరిగ్గా సిలికాన్ పట్టీ వెంబడే ముదిరింది. కొనేటప్పుడు ట్యూబు మీద న్యూట్రల్ క్యూర్, అంటే ఆ ఆమ్లం వదలకుండా ఆరే రకం, అన్న మాట ఉందో లేదో చూడాలి. మాట కనిపించకపోతే చుక్క పిండి వాసన చూస్తే చాలు.

చివరకు 2022 జనవరిలో, గాలిలో తేమ కాస్త తక్కువగా ఉండే రోజుల్లో, అద్దాన్ని గోడనుంచి ఊడదీయించి కింది అంగుళం మేర కోయించాము. కోసిన అంచును సానపట్టించి, ఇంట్లోని పొడిగదిలో మూడు రోజులు నిలబెట్టాను. తడి ఉండగా పూత వేస్తే ఆ తడి లోపలే బందీ అవుతుంది. అందుకే ఈ మూడు రోజులను తగ్గించకూడదు. ఆపైన అంచుకు, వెనక రంగుపూత మీదికి మూడు మిల్లీమీటర్ల మేర వచ్చేట్టు, చిన్న కుంచెతో ఎనామెల్ రంగు రెండు పూతలు వేశాను. తిరిగి బిగించేటప్పుడు గోడకు ఆనించకుండా రబ్బరు బిళ్లలు పెట్టి గాలి ఆడే సందు వదిలి, క్లిప్పులతో నిలిపాము. పై అంచున, పక్క అంచుల వెంట మాత్రమే, గోడకు అంటకుండా, న్యూట్రల్ సిలికాన్ సన్నని పట్టీ వేసి, కింది అంచును నీరు జారిపోయేందుకు తెరిచి ఉంచాము.

అప్పటినుంచి ప్రతి ఉగాదికీ, దసరాకూ స్కేలు పెట్టి కొలుస్తున్నాను. కోసిన కింది అంచున ఇంతవరకూ నలుపు లేదు. కోయకుండా వదిలిన ఎడమ పై మూలలో అప్పటికే ఉన్న గోధుమరంగు మచ్చ మాత్రం రెండు మిల్లీమీటర్లు పెరిగింది. పూత కొత్త నష్టాన్ని ఆపుతుందే తప్ప మొదలయిన దానిని వెనక్కి తిప్పదు. నలుపు అంగుళంన్నరకు మించి పాకిన అద్దానికి ఈ శ్రమ దండగ. చట్రం వేసి కప్పుకోవడమో, కొత్త అద్దం కొనుక్కోవడమో మంచిది.

అద్దం ముందు వైపు తెల్లమచ్చల సంగతి వేరు. మచ్చ ముందు ఉందో వెనక ఉందో తేల్చుకోవడానికి టార్చి వెలుగును పక్కనుంచి పడనిస్తే చాలు. ముందున్న మచ్చకు అద్దంలో దాని ప్రతిబింబం కూడా తోడై రెండుగా కనిపిస్తుంది. వెండిలోని మచ్చ ఒక్కటిగానే కనిపిస్తుంది. రెండుగా కనిపించి గోటికి గరుకుగా తగిలితే అది బోరునీటి సున్నం. మా ఇంట్లో నగరపాలక సంస్థ జీవీఎంసీ నీళ్లు రాని రోజుల్లో బోరునీళ్లే గతి కనుక ఇది తప్పదు.

దీనికి నాకు ఇన్నేళ్లూ పనికొచ్చింది వంటకు వాడే తెల్ల వెనిగరు ఒక వంతు, నీళ్లు ఒక వంతు. ముందు ఉత్త నీటితో తడిపిన గుడ్డతో తుడిస్తే సముద్రపు ఉప్పుపొర పోతుంది, అది నీటిలో కరిగేదే. మిగిలిన మచ్చల మీద వెనిగరు నీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డను అయిదు నిమిషాలు అద్ది ఉంచి, మళ్లీ తడిగుడ్డతోను, వెంటనే పొడిగుడ్డతోను తుడుస్తాను. అంచునుంచి రెండు వేళ్ల దూరం వరకు వెనిగరును రానివ్వను, అంతకు ముందు చేసిన తప్పు చాలు. బ్లీచింగ్ వాడిన రోజున వెనిగరు జోలికీ, యాసిడ్ జోలికీ పోకూడదు, వాటితో బ్లీచింగ్ కలిస్తే విషవాయువు వస్తుంది. ఇంత చేసినా పోని మసక ఉంటే అది గాజునే కొరికిన గుర్తు, ఇంట్లో చేయగలిగేది లేదు.

మచ్చలు పడకుండా ఉండటానికి స్నానం కాగానే పైనుంచి కిందికి ఒకసారి రబ్బరు వైపరు లాగి, కింది అంచును పాత నూలు తువ్వాలుతో అద్దుతాను. నిమిషం పట్టే ఈ పనిని ఇంట్లో మా అమ్మాయి ఒక్కతే క్రమం తప్పకుండా చేస్తుంది. తను హాస్టలుకు వెళ్లిన నెలలో అద్దం చూస్తేనే తెలిసిపోయేది. యాసిడ్ కడుగుడు మానలేదు, కానీ ఆ రోజున అద్దాన్ని క్లిప్పులనుంచి తీసి హాల్లో పెట్టి, గది పూర్తిగా ఆరాక తిరిగి బిగిస్తున్నాము.