తలుపు గడియకు గళ్ల తువ్వాలు: పది నెలలు వాడాక

ఇది కొట్లో కొనే వస్తువు కాదు. ఇంట్లో పాత గళ్ల తువ్వాలు ఒకటి ఉంటే చాలు. పడకగది తలుపు గడియకు అది వేలాడుతోందంటే లోపల ఎవరో నిద్రపోతున్నారని అర్థం, ఇక తట్టకూడదు, పిలవకూడదు, 'ఒక్క నిమిషం' అంటూ తొంగి చూడకూడదు. లోపలున్నది ఎవరైనా సరే. ఈ చివరి మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

మా ఆయనది అమెరికా క్లయింట్ షిఫ్టు. సాయంత్రం ఆరున్నర నుంచి తెల్లవారుజామున మూడున్నర దాకా పని, క్యాబ్ మియాపూర్‌లో దింపేసరికి నాలుగున్నర. డిసెంబరులో, పాపకు ఐదో నెల ఉండగా పుట్టింటి నుంచి వచ్చాను. ఉద్యోగం మానేసి ఇంట్లోనే ఉన్నాను. అత్తయ్య, మామయ్య నెలలో సగం రోజులు మా దగ్గర, మిగతా సగం ఊళ్లో.

మొదటి వారంలోనే నాకు తెలిసొచ్చింది ఏంటంటే, పగటి నిద్రకు మగవాడికి ఒక లెక్క, ఆడదానికి ఒక లెక్క. ఆయన పొద్దున పదింటికి పడుకుని ఉంటే 'పాపం నైట్ డ్యూటీ' అని టీవీ సౌండ్ తగ్గిస్తారు. అదే పదకొండింటికి నేను కాసేపు నడుం వాలిస్తే, పక్కింటి పిన్నిగారు 'ఏమ్మా, కోడలికి ఒంట్లో బాలేదా?' అని అత్తయ్యను అడుగుతుంది. రాత్రి పదకొండుకీ, రెండుకీ, ఐదుకీ పాపతో లేచింది నేనే అని ఆవిడకి తెలియదు, నేను చెప్పుకోలేను. అత్తయ్య మంచి మనిషే, కానీ నేను నిద్రపోతుంటే 'పప్పు డబ్బా ఎక్కడుందమ్మా' అని అడగడం ఆవిడకి నిద్ర లేపడంలా అనిపించదు. మామయ్యయితే ఓటీపీ కోసం వస్తారు. గ్యాస్ బుకింగ్‌కి నా నంబరే ఇచ్చారు మరి.

తువ్వాలు పెట్టాక ఆ వాదన అంతా పోయింది. నేను ఎవరికీ 'పడుకుంటాను' అని చెప్పనక్కర్లేదు, సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఆయన తలుపు మీద ఉన్నప్పుడు ఎంత మర్యాద ఇచ్చారో నా తలుపు మీద ఉన్నప్పుడూ అంతే ఇవ్వాలి, ఎందుకంటే అది అదే తువ్వాలు. ఈ మాట ఆయనే వాళ్లమ్మతో అన్నాడు, నేను అని ఉంటే ఇంకోలా ఉండేది. మినహాయింపులు రెండే పెట్టుకున్నాం: పాప పడిపోతే లేదా ఊపిరి పీల్చడానికి ఇబ్బంది పడితే, ఇంట్లో గ్యాసో కరెంటో ప్రమాదం జరిగితే. ఓటీపీ ప్రమాదం కిందకి రాదు.

ఇక టైములు. మొదట్లో మేం పెట్టుకున్న పద్ధతి చాలా న్యాయంగా కనిపించింది. ఆయన నాలుగున్నరకు వస్తాడు, ఐదింటికి పాలిచ్చి పాపను ఆయన చేతికి ఇస్తాను, తువ్వాలు నా తలుపుకి. ఎనిమిది దాకా నేను, ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడు దాకా ఆయన. 'ఎలాగూ మెలకువగానే ఉంటాను కదా, ఇంకో మూడు గంటలు ఎంతలో' అన్నాడు. జనవరి మొదట్లో నా స్నేహితురాలికి ఫోన్ చేసి ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదని గొప్పగా చెప్పాను కూడా. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

సంక్రాంతి వెళ్లిన వారం. అత్తయ్యా వాళ్లు ఊరికి వెళ్లారు, ఇంట్లో మేం ముగ్గురమే. ఐదుంబావుకి పాపను ఇచ్చి పడుకున్నాను. ఆరూ నలభైకి మెలకువ వచ్చింది. ఏడుపుకి కాదు, ఏ చప్పుడూ లేకపోయేసరికి. ఆ టైముకి పాప ఊరికే ఉండే రకం కాదు, గిలక్కాయో కేకలో ఏదో ఒకటి వినిపించాలి. హాల్లోకి వచ్చి చూస్తే ఆయన సోఫాలో వెనక్కి వాలి నోరు తెరిచి నిద్రపోతున్నాడు. ఛాతీ మీద ఉండాల్సిన పిల్ల పక్కకి జారి, ఆయన పక్కటెముకలకూ సోఫా వీపు దిండుకూ మధ్య ఇరుక్కుని ఉంది. ముఖం దిండు వైపు. లాగి ఎత్తుకున్నాను. ఏడ్చింది, ఆ ఏడుపు వినేదాకా నాకు కాళ్లు ఆడలేదు. బుగ్గ మీద సోఫా గుడ్డ నేత అచ్చు పడి ఉంది. పిల్ల అంత ఏడుస్తున్నా ఆయనకు మెలకువ రాలేదు, భుజం పట్టి కుదపాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఆయన చెప్పిందే నన్ను ఇంకా ఆలోచింపజేసింది. ఐదున్నరకే కళ్లు మూతలు పడ్డాయట, పాపను నాకిచ్చేద్దామని తలుపు దాకా వచ్చాడట. తువ్వాలు చూసి వెనక్కి వెళ్లాడట.

అంటే నేను మురిసిపోతున్న ఆ ఒక్క నియమమే ఆ రోజు మమ్మల్ని ముంచబోయింది. నేను కోప్పడాలనుకున్నాను, ఎవరి మీదో తెలియలేదు.

పిల్లల డాక్టరు దగ్గరకి ఆరో నెల చెకప్‌కి వెళ్లినప్పుడు చెప్పాం. ఆవిడ తిట్టలేదు, కానీ వివరంగా చెప్పింది. పసిపిల్లతో మనం నిద్రలోకి జారగల చోట్లన్నిటిలోకీ సోఫా, వాలు కుర్చీ మరీ ప్రమాదం, ఎందుకంటే మెత్తటి దిండుకూ మనిషి ఒంటికీ మధ్య సందు ఉంటుంది, పిల్ల అందులోకి జారితే తల తిప్పుకోలేదు. నిద్ర ఆపుకోలేకపోతున్నాం అనిపించిన క్షణంలో పాపను ఉయ్యాల మంచంలో, దిండ్లూ దుప్పట్లూ లేకుండా వెల్లకిలా పడుకోబెట్టేయాలి, ఏడ్చినా పర్లేదు అంది. ఇంకో మాట కూడా: తెల్లవారుజాము మూడు నుంచి ఆరు దాకా ఒళ్లు అసలు నిద్ర కోరే సమయం, ఏళ్ల తరబడి నైట్ షిఫ్టులు చేసినవాళ్లకైనా అంతే, ఆ టైములో పిల్లను అప్పగించడం మనిషి తప్పు కాదు, టైమ్‌టేబుల్ తప్పు. నిజానికి ఆయన ఆఫీసులో మూడింటికి టీ తాగేది కూడా క్యాబ్‌లో తూగకుండా ఉండటానికే. అది సోఫాలో నిద్ర ఆపలేదు గానీ ఎనిమిదిన్నరకు పక్కెక్కాక మాత్రం నిద్ర పట్టనివ్వలేదు.

అప్పటి నుంచి మార్చుకున్నది ఇది. ఆయన వచ్చి, చేతులు కడుక్కుని, ఇంత పెరుగన్నం తిని ఐదింటికల్లా వెనక గదిలో పడుకుంటాడు. ఆఖరి టీ ఇప్పుడు అర్ధరాత్రికి. పదిన్నర దాకా తువ్వాలు ఆయన తలుపుకి. ఐదింటి మెలకువ, ఆ తర్వాతి పొద్దంతా పూర్తిగా నాదే, అది కష్టంగానే ఉంటుంది, దాచను. బదులుగా పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకా తువ్వాలు నాకు. ఆ టైముకి ఆయన ఐదు గంటలు కదలకుండా నిద్రపోయిన మనిషి, పాపతో నేల మీద చాప వేసుకుని ఆడతాడు, సోఫా ఎక్కడు. తర్వాత మూడున్నర నుంచి ఐదు దాకా ఇంకో కునుకు తీసి షిఫ్టుకి వెళ్తాడు. మినహాయింపుల్లో మూడోది చేర్చాం: పాప చేతిలో ఉండగా నిద్ర ముంచుకొస్తే తువ్వాలు ఉన్నా తట్టాల్సిందే. ఈ మూడో నియమం వాడింది ఇప్పటికి నాలుగు సార్లు, అందులో రెండుసార్లు ఆయనకి జ్వరం.

తెల్లవారకముందే పడుకోవడం వల్ల ఇంకో లాభం ముందు ఊహించలేదు. ఎనిమిదిన్నరకు పడుకునే రోజుల్లో ఎండ, చెత్త ఆటో పాట, కూరగాయల బండి మైకు, మా కుక్కర్ విజిళ్లు అన్నీ నిద్ర మొదట్లోనే మీద పడేవి, నిద్ర కుదిరేది కాదు. ఇప్పుడు అవి మొదలయ్యేసరికి ఆయన గాఢనిద్రలో ఉంటాడు. కిటికీకి లోపలి వైపు నల్ల చార్ట్ పేపరు అంటించాం, వంద రూపాయల్లోపు పని. కుక్కర్ పదిన్నర తర్వాతే పెడతాను, అందాకా ఉప్మానో దోసెలో. ఎండాకాలం కూలర్ హోరు వీధి చప్పుళ్లను భలే మింగేసింది, వానాకాలం వచ్చాక దాన్ని తీసేసరికి మళ్లీ బండి మైకుకి లేచాడు. కాబట్టి తువ్వాలు మనుషుల్ని ఆపుతుంది గానీ చప్పుడును ఆపదు, ఆ ఆశ పెట్టుకోకండి.

పాలిచ్చే తల్లులు ఇంకోటి గమనించుకోవాలి. మొదట్లో రెండున్నర గంటలు అనుకుని నాలుగు గంటలు పడుకున్న రోజు రొమ్ములు రాయిలా గట్టిపడి, నైటీ తడిసి, నొప్పికే లేచాను. అప్పటి నుంచి పదకొండుకి ముందు పాప తాగగలిగినంత తాగించి పడుకునేదాన్ని. పిండిన పాలు ఒక సీసా ఫ్రిజ్‌లో ఉంచేదాన్ని, ఆయన గిన్నెలో వేడినీళ్లు పోసి అందులో సీసా పెట్టి వెచ్చచేసేవాడు, పాప తాగగా మిగిలింది రెండు గంటల్లోపు వాడకపోతే పారబోయడమే. వాటిని పారబోస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. ఆరో నెల దాటి రాగిజావ, పప్పన్నం మొదలయ్యాక ఈ తలనొప్పి చాలా తగ్గింది.

వారాంతం ఇప్పటికీ సరిగ్గా కుదరలేదు. సెలవు కదా అని శనివారం అందరితో పాటు రాత్రి పదింటికి పడుకుంటే సోమవారం ఆఫీసులో ఒళ్లు తూలేది. ఇప్పుడు సెలవు రాత్రుల్లో రెండింటి దాకా మేలుకుని పదకొండింటి మెలకువ ఆయన చూసుకుంటాడు, తర్వాత పది దాకా పడుకుంటాడు. ఆ రోజు నేను ఎనిమిదిన్నర నుంచి రెండు దాకా ఏకధాటిగా నిద్రపోతాను. వారంలో నాకు నిజంగా నిద్ర అనిపించేది అదే. పెళ్లిళ్లూ పేరంటాలూ వస్తే మాత్రం అంతా గల్లంతు, రెండు మూడు రోజులు పడుతుంది దారికి రావడానికి.

మీకు పనికొస్తుందా అంటే, రెండు గదులు ఉండి, ఒకరు ఇంటి దగ్గర ఉంటే బహుశా పనికొస్తుంది. నేను ఉద్యోగానికి వెళ్తూ ఉంటే పదకొండింటి నిద్ర ఎక్కడిది? షిఫ్టు వారానికోసారి మారే నర్సులకూ, ఫ్యాక్టరీ వాళ్లకూ ఈ టైములు అతకవు. అత్తగారి ముందు నోరు విప్పే భర్త లేకపోతే తువ్వాలు ఉత్త గుడ్డముక్కే, అదైతే గట్టిగా చెప్పగలను.

పాపకు ఇప్పుడు పదిహేనో నెల. నడక వచ్చింది, గడియ అందుతోంది, తువ్వాలు లాగి బొమ్మకి పక్క వేస్తోంది. మొన్న అలా లాగేశాక మామయ్య ఓటీపీ కోసం నిశ్చింతగా లోపలికి వచ్చేశారు. అందుకని తలుపు మీద, ఆమెకి అందనంత ఎత్తులో మేకు కొట్టించాం. కొట్టించింది పొద్దున తొమ్మిదింటికి, ఆయన లేచి కూర్చున్నాడు.