ఏసీ గదికి సబ్‌మీటర్: రెండేళ్లు వాడాక తేలింది

హైదరాబాద్‌లో ముగ్గురుండే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. పెద్ద గది ఒకరిది, ఏసీ ఉన్నది అందులోనే. ఆ ఏసీ లైనుకు సింగిల్ ఫేజ్ సబ్‌మీటర్ పెట్టి రెండేళ్లుగా బిల్లు పంచుకుంటున్నాం. సమానంగా పంచడం కన్నా, గది కొలతల్ని బట్టి పంచడం కన్నా ఇదే నయం. పెద్ద గదిలో తిరిగినా చిన్న గదిలో తిరిగినా ఫ్యాను కాల్చే కరెంటు ఒకటే. గది సైజు తేడా అద్దెలో చూసుకోవాల్సింది.

మీటరును ఏసీ ఎంసీబీ తర్వాత, ఎలక్ట్రీషియన్ చేతే పెట్టించాలి. ఆయన వెళ్లకముందే ఏసీ ఆపి, మిగతా గదుల లైట్లు, ఫ్యాన్లు, గీజరు అన్నీ వేసి చూడండి. మీటరు మీది ఎర్రలైటు మిణుకుమంటే వేరే లైను ఏదో అందులో కలిసినట్టే.

అసలు తగాదా రేటు దగ్గర వస్తుంది. 2022-23 తెలంగాణ టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపైతే మొదటి 100కి రూ.3.40, తర్వాతి 100కి రూ.4.80. 200 దాటిందా, మొదటి యూనిట్ నుంచే రూ.5.10 పడుతుంది. ఆపైన 300 వరకు రూ.7.70, 400 వరకు రూ.9. అంటే 200 యూనిట్లకు రూ.820 అయ్యే బిల్లు, ఒక్క యూనిట్ పెరిగితే రూ.1,027 దాటుతుంది.

మే నెల లెక్క చూడండి. మొత్తం 340 యూనిట్లు, అందులో ఏసీవి 150. ఎనర్జీ చార్జీ రూ.2,150. సగటు రేటు వేస్తే ఏసీ వాటా దాదాపు రూ.949. కానీ ఏసీ లేకపోతే మిగిలిన 190 యూనిట్లకు వచ్చేది రూ.772 మాత్రమే. కాబట్టి ఆ రూ.772ని ముగ్గురూ పంచుకుని, మిగతా రూ.1,378 ఏసీ గదివాళ్లు కట్టడం న్యాయం. ఫిక్స్‌డ్ చార్జీలాంటివి సమానంగానే వేసుకోవచ్చు. ఏసీ తీసేసినా ఇంటి వాడకమే 200 దాటే నెలల్లో మాత్రం సగటు రేటు చాలు. స్లాబు దాటించిన భారం అప్పుడు ఏసీ ఒక్కదానిది కాదు.

ఈ పద్ధతిలో తరచూ దొర్లే తప్పు తేదీలది. బిల్లు రీడింగ్ 5న తీస్తే, సబ్‌మీటర్ 1న చూస్తే లెక్క కుదరదు. ఏసీ రోజుకు 8 యూనిట్లు కాలుస్తుంటే నాలుగు రోజులకు 32 యూనిట్లు అటూఇటూ అవుతాయి. బిల్లు వచ్చిన రోజే రెండు మీటర్లనూ ఫొటో తీసి గ్రూపులో పెట్టేయండి.

నీళ్లకు మీటరు అక్కర్లేదు, ఇంట్లో ఉన్న రోజులు లెక్కపెడితే చాలు. రూ.900 బిల్లుకు ఇద్దరు 30 రోజులు, ఒకరు 18 రోజులు ఉన్నారనుకోండి. మొత్తం 78 రోజులు, రోజుకు సుమారు రూ.11.54. ఇద్దరికి రూ.346 చొప్పున, ఊరెళ్లొచ్చినవారికి రూ.208. వారం రోజులు చుట్టాలు దిగితే ఆ రోజుల్ని పిలిచినవాళ్ల ఖాతాలో కలపాలి. ఈ మాట ముందే అనుకోకపోతే ఎక్కువ గొడవ అయ్యేది దీని దగ్గరే.