వాలు చేనులో స్ప్రింక్లర్లు: నాలుగు రబీలు వాడాక

మా చేను ఆనందపురం దాటాక తగరపువలస వైపు వెళ్లే దారికి లోపల ఉంది. ఎకరం ఏడు సెంట్లు, ఎర్ర గరువు. పుస్తకాల్లో దీన్ని ఇసుక గరప నేల అంటారు. పైగట్టు నుంచి కిందిగట్టు దాకా 72 మీటర్లు, అడ్డంగా 60 మీటర్లు. తాపీ మేస్త్రీలు లెవెల్ చూసుకునే నీళ్ల గొట్టం తెచ్చి కొలిస్తే, ప్రతి 12 మీటర్లకీ సుమారు 90 సెంటీమీటర్లు దిగుతోంది. అంటే వాలు ఏడున్నర శాతం. చూపుకి పెద్ద వాలులా అనిపించదు. నీళ్లు వదిలాకే తెలుస్తుంది.

రబీలో వేరుశనగ వేస్తాం. నాలుగేళ్ల క్రితం 75 ఎం.ఎం. పైపులు, రెండు నాజిళ్ల ఇత్తడి తలలు ఆరు, రైజర్లతో ఒక సెట్టు తీసుకున్నాను. బిగించడానికి వచ్చినతను లైను పైగట్టు నుంచి కిందికి నిలువుగా వేసి, "ఇసుక నేల కదండీ, ఎంత పోసినా తాగేస్తాది" అని చెప్పి వెళ్లిపోయాడు. నేనూ నమ్మాను.

మొదటి రబీలో మూడో తడికి కింది చేను బాబాయి గట్టు మీద నిలబడి, "ఏటి అబ్బాయీ, నీళ్లు నీ సెనక్కాయికా, నా వంగతోటకా?" అని అడిగాడు. వెళ్లి చూస్తే ఆయన మొదటి రెండు సాళ్లలో ఎర్రనీళ్లు నిలబడి ఉన్నాయి. మా గట్టు పక్కన సన్నటి మట్టి విసనకర్రలా పరుచుకుంది. రెండు గంటలు తడిపిన చేను పైభాగంలో గునపం దించితే, నాలుగు వేళ్ల లోతు దాటాక పొడి మట్టి తగిలింది. కింద మొక్కలు పసుపెక్కాయి, పైన వాడిపోయాయి. ఒకే చేనులో ఎక్కువ నీళ్ల జబ్బూ తక్కువ నీళ్ల జబ్బూ కలిసి కనిపిస్తే, నీరు ఇంకే వేగం కంటే మనం పోసే వేగం ఎక్కువైందని అర్థం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బల మధ్య వాన కోసిన లోయలు చిన్నప్పటి నుంచీ చూస్తున్నా, నా చేనులోనూ అదే పని నేనే చేస్తున్నానని తట్టలేదు.

సెట్టు గంటకు ఎన్ని మిల్లీమీటర్లు పోస్తుందో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. నాజిళ్లకు రబ్బరు గొట్టాలు తొడిగి, రెండింటి నీళ్లూ 20 లీటర్ల బకెట్‌లోకి పట్టి, ఫోన్‌లో టైము చూసుకోవడమే. పైగట్టు దగ్గర తల 43 సెకన్లలో బకెట్ నింపింది, కిందిగట్టు దగ్గరది 40 సెకన్లలో. 43 సెకన్లకు 20 లీటర్లంటే గంటకు దాదాపు 1,675 లీటర్లు. తలకీ తలకీ 12 మీటర్లు, లైనుకీ లైనుకీ 12 మీటర్లు కాబట్టి ఒక్కో తల వాటాకు 144 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక లీటరు పడితే ఒక మిల్లీమీటరు. కాబట్టి 1,675ను 144తో భాగిస్తే గంటకు 11.6 మిల్లీమీటర్లు వస్తుంది. కింద 12.5 వచ్చింది. ఆ తేడా వాలు వల్ల వచ్చింది. పది మీటర్లు దిగితే ఒక కేజీ ప్రెషర్ పెరుగుతుంది. మా మొదటి తలకీ చివరి తలకీ మధ్య నాలుగున్నర మీటర్ల దింపు ఉంది. గేజ్ పెడితే పైన 2.3, కింద 2.7 చూపించింది. అసలే పైనుంచి జారిన నీళ్లు చేరే చోట మనమే ఇంకాస్త ఎక్కువ పోస్తున్నామన్నమాట.

ఇక నేల ఎంత తాగుతుందో చూడాలి. ఇక్కడే నేను బోల్తా పడ్డాను. పెయింటు డబ్బా అడుగు కోసేసి, నాలుగు అంగుళాలు నేలలోకి దించి, నీళ్లు పోసి స్కేలుతో కొలిచాను. మొదటి పావుగంటలో 30 మిల్లీమీటర్లు దిగాయి. గంట తర్వాత కూడా పావుగంటకు 9 చొప్పున, అంటే గంటకు 36. ఇసుక గరప నేలకు పుస్తకాలు 20 నుంచి 30 అంటాయి. ఆ లెక్కన 12 పోస్తే ఒక్క చుక్కా జారకూడదు. కానీ కళ్లముందే జారుతోంది.

మర్మం డబ్బాలోనే ఉంది. డబ్బాలో నీళ్లు మెల్లగా పోస్తాం కాబట్టి నేలకు దెబ్బ తగలదు. పైగా ఒక్క డబ్బా పెడితే నీరు పక్కలకూ పాకి, లెక్క ఎక్కువ చూపిస్తుంది. స్ప్రింక్లర్ చుక్క మాత్రం ఎత్తు నుంచి పడి ఎర్రమట్టి గడ్డను చితక్కొడుతుంది. చితికిన సన్న మట్టి రంధ్రాల్లో కూరుకుపోయి, నేల మీద పలచటి అట్ట కడుతుంది. ఆ అట్ట కింద నేల ఎంత దాహంగా ఉన్నా నీరు దిగదు. ఎండాక వేలితో ఎత్తితే పెచ్చులా లేస్తుంది. చదును పొలంలో అయితే నిలిచిన నీరు కాసేపటికైనా ఇంకుతుంది. వాలులో నిలబడదు, వెళ్లిపోతుంది. సాగునీటి డిజైన్ పట్టికల్లో కూడా వాలు పెరిగే కొద్దీ పోయదగ్గ వేగం తగ్గుతుంది. ఖాళీ నేలకు ఇచ్చే అంకె పైరు కప్పిన నేలకు ఇచ్చేదానిలో ఇంచుమించు సగం ఉంటుంది.

అందుకే డబ్బా పక్కన పెట్టి, స్ప్రింక్లర్‌నే కొలబద్దగా వాడాను. సెట్టు ఆన్ చేసి, తలకు ఐదారు మీటర్ల దూరంలో గొడుగేసుకుని కూర్చుని నేలనే చూడాలి. ఇంటావిడ నవ్వింది కానీ ఇంతకంటే మంచి పరీక్ష నాకు దొరకలేదు. మొదట చుక్క పడగానే మాయమవుతుంది. తర్వాత ఒక్క క్షణం మెరిసి ఇంకుతుంది. ఆ తర్వాత మెరుపు అలాగే ఉండిపోయి, గుంటకీ గుంటకీ మధ్య దారి కడుతుంది. ఖాళీ నేల మీద ఆ మెరుపు నిలిచేసరికి 35 నిమిషాలైంది. అంటే 7 మిల్లీమీటర్లు దిగాయి. నేనేమో రెండు గంటలు వదులుతున్నాను.

రెండో రబీకి రెండు మార్పులు చేశాను. మొదటిది, లైన్లు నిలువుగా కాక వాలుకు అడ్డంగా వేశాను. అప్పుడు ఒక లైనులో ఉన్న తలలన్నీ దాదాపు ఒకే మట్టంలో ఉంటాయి కాబట్టి ప్రెషర్ తేడా పోయింది. రెండోది, ప్రతి తలకూ ఉన్న రెండు నాజిళ్లలో చిన్నదాన్ని, అంటే 3.2 ఎం.ఎం.ది, తీసి బిరడా బిగించాను. 4.4 ఎం.ఎం. నాజిల్ ఒక్కటే మిగిలింది.

పోసే వేగం తగ్గితే తడి పూర్తికావడానికి రోజులు పడతాయని నాకు టెన్షన్ ఉండేది. లెక్కేస్తే అలా కాదు. బోరు ఇచ్చే నీళ్లు అవే కాబట్టి, ఒక్కో తల తక్కువ పోస్తే ఎక్కువ తలలు ఒకేసారి తిరగాలి. ఇంకో నాలుగు తలలు, వాటికి కావలసిన పైపులు కొని, ఐదేసి తలల లైన్లు రెండు ఒకేసారి నడిపాను. ప్రెషర్ 2.2 దగ్గర నిలిచింది, బకెట్ 67 సెకన్లకు నిండింది, గంటకు ఏడున్నర మిల్లీమీటర్లు. ఇదివరకు 25 మిల్లీమీటర్ల తడికి చేను ఐదు చోట్ల, చోటుకు రెండేసి గంటలు. ఇప్పుడు మూడే చోట్ల, చోటుకు మూడు గంటల ఇరవై నిమిషాలు. మొత్తం అప్పుడూ పది గంటలే, ఇప్పుడూ పది గంటలే. 9 గంటల కరెంటులో రెండు రోజులకు సర్దుకోవడం ఎలాగూ ఉంది. పైపులు మోసే బాధ మాత్రం తగ్గింది.

బిరడా వేస్తారు సరే, ప్రెషర్ తగ్గించి వేగం తగ్గిద్దామని మాత్రం చూడకండి. వాల్వు సగం తిప్పితే నీళ్లు తగ్గుతాయి కానీ చుక్క లావవుతుంది. లావు చుక్క అట్టను ఇంకా త్వరగా కడుతుంది. ఒక వారం అలా నడిపి చూశాను, వేగం తక్కువైనా మెరుపు ముందే వచ్చేసింది.

ఏడున్నర వేగంతో ఖాళీ నేల మీద మెరుపు నిలవడానికి గంటా ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. అంటే 7 బదులు దాదాపు 12 మిల్లీమీటర్లు దిగాయి. అయినా 25 దిగలేదు కదా అనొచ్చు. అప్పుడే అర్థమైంది, ఆ దశలో 25 అక్కర్లేదని. మొలక దశలో వేర్లు జానెడు కూడా ఉండవు. అందుకని విత్తిన దగ్గర్నుంచి సాళ్లు కలిసేదాకా గంటా ఇరవై నిమిషాలే వదులుతాను, పది మిల్లీమీటర్లన్నమాట, కానీ తరచుగా. విత్తడానికి ముందు ఇచ్చే తడి వేరు. దుక్కి గరుగ్గా, గడ్డలుగా ఉన్నప్పుడు ఆ మూడు గంటలూ గుటుక్కున తాగేస్తుంది. గుంటక తోలి బాగా మెత్తగా చేశాక ఇస్తే తాగదు.

నలభై, నలభై ఐదు రోజులకు ఊడలు దిగే ముందు కలుపు తీసి, జిప్సం వేసి, మట్టి ఎగదోస్తాం. ఆ పనిలో అట్ట కూడా పగులుతుంది. అట్ట ఉంటే ఊడ నేలలోకి దిగలేక పైనే ఎండిపోవడం మొదటి ఏడాది చూశాను. ఆకు నేలను కప్పేశాక చుక్క ఆకు మీద పడి మెల్లగా జారుతుంది. అప్పుడు మూడు గంటల ఇరవై నిమిషాలూ వదిలినా కిందిగట్టు పొడిగానే ఉంటోంది, ఊచ జానెడున్నర సునాయాసంగా దిగుతోంది. బాబాయి గట్టు మీదికి వచ్చి చూసి, "ఈ ఏడు నా వంగకి నీళ్లెవరు పెడతార్రా?" అన్నాడు.

లోపాలూ చెప్పాలి. చిన్న నాజిల్ పని తల చుట్టుపక్కల తడపడం. దాన్ని మూసేస్తే ఆ చోటు పలచబడుతుంది. నాలుగు తలల మధ్య మూడేసి మీటర్లకు ఒకటి చొప్పున ఒకే వెడల్పు డబ్బాలు పదహారు పెట్టి గంట నడిపితే, సగటు 6.8 వచ్చింది కానీ తల పక్క డబ్బాల్లో ఐదే ఉంది. పక్క తలల చుక్కలు అక్కడిదాకా చేరబట్టి వేరుశనగకు నడిచిపోయింది. కూరగాయలకు అయితే నాకు నచ్చలేదు, అందుకే ఓ పక్క పదిహేను సెంట్లలో మినీ స్ప్రింక్లర్లు పెట్టాను. అవి గంటకు ఐదు మిల్లీమీటర్లే పోస్తాయి, చుక్క సన్నం, అట్ట చాలా తక్కువ. కానీ మధ్యాహ్నం సముద్రపు గాలి లేచిందంటే ఆ సన్న తుంపర పక్క చేనుకే. పెద్ద తలలకూ గాలి దెబ్బే. ఒకసారి మూడు గంటలప్పుడు డబ్బాలు పెడితే ఒకదాంట్లో 11, ఇంకోదాంట్లో 3 వచ్చాయి. 11 పడ్డ చోట నీరు జారడం మొదలైంది కూడా. సగటు బాగున్నా గాలి వాలిన పక్క మళ్లీ పాత కథే. తెల్లవారు కరెంటు ఉన్న రోజుల్లోనే తడి పెట్టుకుంటున్నాను.

ఇంకోటి, మా బోరు నీళ్లలో సన్న ఇసుక వస్తుంది. అది నాజిల్‌ను లోపల్నుంచి తింటుంది. ఈ రబీ మొదట్లో మెరుపు అనుకున్న దానికంటే ముందే వచ్చింది. బకెట్ పెడితే 67 బదులు 61 సెకన్లకే నిండింది, అంటే గంటకు 8.2. కొత్త 4.4 డ్రిల్లు బిట్టు వెనక కొస నాజిల్‌లో పెట్టి చూశాను. బిగుతుగా ఉండాల్సింది వదులుగా ఊగింది. పది నాజిళ్లూ మార్చాను. ఇప్పుడు సీజను మొదట్లో ఒకసారి, సాళ్లు కలిశాక ఒకసారి బకెట్ పరీక్ష చేస్తున్నాను.