సగం చెప్పిన ఫిజిక్స్ లెక్క: చాప్టర్ పట్టుకోవాలా, యూనిట్ పట్టుకోవాలా?

ట్యూషన్ చెప్పే మిత్రులు ఈ మధ్య నన్ను పదే పదే అడుగుతున్నది ఒకటే. పిల్లలు వాట్సాప్‌లో "సార్, ఫ్లూయిడ్స్‌లో ఆ లెక్క రావట్లేదు" అని పెట్టి ఊరుకుంటారు, లెక్క పెట్టరు, పేజీ నంబర్ చెప్పరు. అప్పుడు చాప్టర్ పేరు బట్టి ఊహించాలా, లేక చాట్‌లో పైకి వెళ్లి అంతకుముందు వాళ్లు రాసిన N/m లాంటి యూనిట్ ఏదైనా దొరికితే దాన్ని బట్టి ఊహించాలా అని. ద్వారకానగర్‌లో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తూ ఈ పని నేను వారానికి రెండు మూడుసార్లు చేస్తుంటాను కాబట్టి నా అభిప్రాయం చెప్తాను.

ముందు మూడో దారి సంగతి. ఫోటో పంపమనడం. పుస్తకం దగ్గరుంటే అదే మేలు, ఇంకేమీ ఆలోచించనక్కర్లేదు. పుస్తకం దగ్గర లేనప్పుడే మనకు ఈ ప్రశ్న వస్తుంది.

పోయిన నెల ఫస్టియర్ అమ్మాయి ఒకరు పండక్కి పాడేరు వెళ్లింది. పుస్తకం, హోంవర్క్ షీట్ ఇక్కడ హాస్టల్లో ఉండిపోయాయి, తిరిగొచ్చిన మర్నాడే పరీక్ష. రాత్రి తొమ్మిదింటికి మెసేజ్: "సార్, ఫ్లూయిడ్స్‌లో మొన్న మీరు హోంవర్క్ ఇచ్చిన షీట్‌లో ఒక లెక్క, నాకు ఆన్సర్ తప్పు వచ్చింది, ఎలా చెయ్యాలి?" ఆ షీట్ నేను వేరే సార్ దగ్గర తీసుకుని జిరాక్స్ ఇచ్చింది, నా దగ్గర కాపీ లేదు.

చాప్టర్ పేరు పట్టుకుంటే నాకు దొరికేది ఏమిటో చూడండి. ప్రవాహుల యాంత్రిక ధర్మాలు అంటే హైడ్రాలిక్ లిఫ్ట్ ఉంది, బెర్నూలీ ఉంది, ట్యాంకు రంధ్రంలోంచి నీళ్లు వచ్చే వేగం ఉంది, స్నిగ్ధత, చరమ వేగం, తలతన్యత, కేశనాళిక అన్నీ ఉన్నాయి. ఒక్కోదాంట్లో రెండు మూడు రకాల లెక్కలు. అంటే చాప్టర్ పేరు తెలిసినా నా ముందు పదిహేను లెక్కల దాకా ఉంటాయి. అనుభవం ఉన్నవాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు, తమకు బాగా అలవాటైన లెక్క మీద పడిపోతారు. నాకైతే ఫ్లూయిడ్స్ అనగానే బెర్నూలీ గుర్తొస్తుంది. ఆ రాత్రి అదే చేసి ఉంటే వేరే లెక్కంతా విడమరిచి పంపేవాణ్ణి, ఆ అమ్మాయి మొహమాటానికి "థాంక్యూ సార్" అని పెట్టి పడుకునేది.

చాట్‌లో పైకి వెళ్లాను. మూడు రోజుల ముందు తనే అడిగింది: "సార్, dyne/cm ని N/m లోకి ఎలా మార్చాలి?" నేను జవాబిచ్చాను కూడా, వెయ్యితో భాగించమని. ఈ ఒక్క యూనిట్‌తో పదిహేనులో పది పోయాయి. స్నిగ్ధత అయితే Pa s గానీ పాయిజ్ గానీ ఉండాలి, పీడనం అయితే Pa ఉండాలి. N/m అంటే తలతన్యతే.

అయితే యూనిట్ ఒక్కటే చాలని కూడా అనను. N/m స్ప్రింగ్ స్థిరాంకానికి కూడా యూనిట్. "ఫ్లూయిడ్స్" అన్న మాట లేకపోతే, మూడు రోజుల కిందటి మెసేజ్ డోలనాల లెక్క గురించి అయి ఉండొచ్చు. ఇలాంటి జంటలు చాలా ఉన్నాయి. టార్క్‌కి N m, పనికీ N m. పీడనానికి పాస్కల్, యంగ్ గుణకానికీ పాస్కలే. ఆ రెండింట్లో ఏదో చెప్పడానికి చాప్టర్ పేరు కావాలి. విలువ తెలిస్తే అది కూడా సాయం చేస్తుంది. నీటి తలతన్యత సుమారు 0.072 N/m, సబ్బు నీళ్లది లెక్కల్లో ఎక్కువగా 0.03 అని ఇస్తారు, పాదరసానిది కూడా అర దాటదు. స్ప్రింగ్‌కైతే లెక్కల్లో వందలు, వేలు ఇస్తారు. సంఖ్య చూస్తే ఏదో తెలిసిపోతుంది.

నేను యూనిట్ వైపే మొగ్గడానికి అసలు కారణం వేరే ఉంది, చాలామంది దాన్ని పట్టించుకోరు. యూనిట్ దొరికాక అడగాల్సింది "ఇది ఏ రాశి యూనిట్?" అని ఒక్కటే కాదు, "ఇది ఇచ్చిన దానిదా, కనుక్కోవాల్సిన దానిదా?" అని. ఈ రెండో ప్రశ్నే లెక్క ఆకారాన్ని తేలుస్తుంది. N/m జవాబులో ఉంటే తలతన్యత కనుక్కోమన్న లెక్క అది. సబ్బు పొర ఉన్న ఫ్రేములో జారే తీగ 25 సెం.మీ. పొడవు, అది మోసే బరువు 1.5×10⁻² N, తలతన్యత ఎంత అన్నట్టు ఉంటుంది. పొరకి రెండు వైపులున్నాయి కాబట్టి బరువుని 0.5 మీటర్లతో భాగిస్తే 0.03 N/m వస్తుంది. అదే N/m ఇచ్చినదాంట్లో ఉంటే, జవాబు పాస్కల్‌లో ఉంటే బుడగలో అధిక పీడనం, సెంటీమీటర్లలో ఉంటే గొట్టంలో నీరు ఎక్కిన ఎత్తు, జౌల్‌లో ఉంటే చేసిన పని.

dyne/cm ని మార్చమని అడిగిందంటే అది లెక్కలో ఇచ్చిన విలువే అయి ఉండాలి. జవాబుని ఎవరూ అలా మార్చమని అడగరు, ముందు జవాబు రావాలి కదా. అందుకే నేను ఒకే ప్రశ్న పంపాను: "అమ్మా, జవాబు ఏ యూనిట్‌లో ఉందో గుర్తుందా?" కాసేపటికి వచ్చింది: "జౌల్ సార్. షీట్‌లో తొమ్మిది పాయింట్ సున్నా ఐదు, టెన్ పవర్ మైనస్ ఫోర్. నాకు దాంట్లో సగం వచ్చింది."

సగం అన్న మాట నాకు ఆ రాత్రి దొరికిన వాటన్నిటిలో పెద్ద ఆధారం. తలతన్యతలో జవాబు సగం వచ్చిందంటే చాలాసార్లు రెండు ఉపరితలాల్లో ఒకటే లెక్కపెట్టారని అర్థం. ద్రవ బిందువుకి ఒక ఉపరితలం, సబ్బు బుడగకి లోపల ఒకటి బయట ఒకటి. కాబట్టి ఇది చుక్కలు విడగొట్టే లెక్క కాదు, బుడగని ఊదే లెక్క అనుకున్నాను. చుక్కల లెక్కలో ఇలా సరిగ్గా సగం రావడం అరుదు.

ఇక అంకెలు. సబ్బు నీళ్లకి మామూలుగా ఇచ్చే 30 dyne/cm అనుకున్నాను, అంటే 0.03 N/m. బుడగ వ్యాసార్థం R₁ నుంచి R₂కి పెంచడానికి చేసే పని:

W = 8πT(R₂² − R₁²)

8π ని 0.03 తో గుణిస్తే 0.754. షీట్ జవాబు 9.05×10⁻⁴ ని 0.754 తో భాగిస్తే 12×10⁻⁴ చదరపు మీటర్లు, అంటే సరిగ్గా 12 చదరపు సెంటీమీటర్లు. పూర్ణ సంఖ్య పడిందంటే నా 0.03 ఊహ సరైనదే అయి ఉండాలి. మొదటినుంచీ ఊదిన బుడగ అయితే R² పన్నెండు, R 3.46 సెం.మీ., అలాంటి వ్యాసార్థం లెక్క ఇచ్చేవాళ్లు ఇవ్వరు. రెండు వర్గాల తేడా పన్నెండు కావాలంటే, పూర్ణ సంఖ్యల్లో పదహారు నుంచి నాలుగు తీసేయడం ఒక్కటే దారి. అంటే 2 సెం.మీ. నుంచి 4 సెం.మీ.కి.

ఇలా రాసి పంపాను: "నా ఊహ ప్రకారం నీ లెక్క ఇది. తలతన్యత 30 dyne/cm ఉన్న సబ్బు ద్రావణంతో చేసిన బుడగ వ్యాసార్థం 2 సెం.మీ. నుంచి 4 సెం.మీ.కి పెంచడానికి చేయాల్సిన పని ఎంత? నువ్వు 8π బదులు 4π వేశావు, అందుకే 4.5 వచ్చింది. లెక్క ఇది కాకపోతే చెప్పు." ఆ మొదటి మాటా చివరి మాటా తప్పకుండా రాయాలి. ఊహించినదాన్ని అసలు లెక్కలా పంపితే, పిల్లలు తమ జ్ఞాపకాన్నే అనుమానించుకుని మనం రాసిందే నిజమనుకుంటారు.

ఈ పద్ధతి ఎక్కడ దెబ్బతింటుందో కూడా చెప్పాలి. యూనిట్ రాసిన మెసేజ్‌కీ ఇప్పటి ప్రశ్నకీ మధ్య ఇంకో చాప్టర్ వచ్చి పోయి ఉంటే ఆ యూనిట్‌ని నమ్మొద్దు. మధ్యలో మెసేజ్‌లు ఒకసారి చదివితే తెలుస్తుంది, ఫ్లూయిడ్స్ నుంచి థర్మల్‌కి వెళ్లి మళ్లీ వచ్చారా అన్నది. యూనిట్ లేని రాశులకి, అంటే రెనాల్డ్స్ సంఖ్య, సాపేక్ష సాంద్రత లాంటివాటికి, ఈ దారే లేదు, అక్కడ చాప్టర్ పేరే గతి. పిల్లలు యూనిట్ తప్పుగా రాయడం కూడా ఉంది. N/m అనబోయి Nm అని టైప్ చేస్తారు, అప్పుడు తలతన్యత కాస్తా పని అయిపోతుంది. అందుకే యూనిట్ ఒక్కసారే కనిపిస్తే నేను "N బై m, లేక N ఇంటూ m?" అని అడిగి నిర్ధారించుకుంటాను. ఆ రాత్రి dyne/cm కూడా పక్కనే ఉంది కాబట్టి ఆ అవసరం రాలేదు.

నా వరకు క్రమం ఇది: యూనిట్‌తో మొదలుపెడతాను, అది ఇచ్చినదా కనుక్కోవాల్సినదా తేల్చుకుంటాను, ఒక యూనిట్‌కి రెండు రాశులుంటే అప్పుడు చాప్టర్ పేరుని వాడతాను. చాప్టర్‌తో మొదలుపెట్టి యూనిట్‌ని తర్వాత చూసేవాళ్లు కూడా చివరికి అక్కడికే రావొచ్చు, కానీ మధ్యలో వాళ్లకి అలవాటైన లెక్క దారి తప్పిస్తుంది. చాప్టర్ నా జ్ఞాపకంలోంచి లెక్కని తీస్తుంది, యూనిట్ మాత్రం ఆ పిల్ల ముందున్న కాగితంలోంచి వచ్చింది.

రెండు రోజులకి ఆ అమ్మాయి హాస్టల్‌కి వచ్చి షీట్ ఫోటో పెట్టింది. బుడగా సరిపోయింది, 30 dyne/cm సరిపోయింది. వ్యాసార్థం బదులు వ్యాసం ఇచ్చారు, 4 సెం.మీ. నుంచి 8 సెం.మీ.కి. తను ముందు చేసినప్పుడు వ్యాసాన్ని సగం చేసి వ్యాసార్థమే వేసుకుంది, కాబట్టి అక్కడ తప్పు జరగలేదు. కానీ నేను పంపినదాంట్లో వ్యాసం అన్న మాటే లేదు. వెనక్కి లెక్కగట్టినప్పుడు అది నాకు కనిపించే అవకాశమే లేదు, జవాబు రెండింటికీ ఒకటే వస్తుంది. అప్పటినుంచి గోళాల లెక్క ఏది ఊహించి పంపినా "వ్యాసార్థం ఇచ్చారా వ్యాసం ఇచ్చారా చూసుకో" అని కింద రాస్తున్నాను.